‘30 రోజుల్లో 10 కిలోలు’ అని రాయకుండా స్టూడియో నిండుతుందా?

నాకు 31 ఏళ్లు. ఆరేళ్లు వేరే జిమ్‌లో ట్రైనర్‌గా పనిచేసి, ఇప్పుడు కాకినాడ భానుగుడి జంక్షన్ దగ్గర సొంతంగా చిన్న ఫిట్‌నెస్ స్టూడియో పెడుతున్నాను. బ్యాచ్‌కి 12 మందే. ఉదయం 6కి, 7కి, సాయంత్రం 6కి మూడు బ్యాచ్‌లు. వచ్చే గురువారం ముహూర్తం. పెట్టుబడిలో సగం మా మరిది పెట్టాడు. మొదటి వారం ఇన్‌స్టాగ్రామ్‌లో రోజుకొక పోస్టు పెట్టాలనుకున్నాం. గొడవంతా అక్కడే మొదలైంది.

‘30 రోజుల్లో 10 కిలోలు గ్యారంటీ’ అని రాయమంటాడు మరిది. పాత జిమ్‌లో నా దగ్గర తగ్గినవాళ్ల ఫొటోలు ముందూ తర్వాతా పక్కపక్కన పెట్టమంటాడు. ఒక రీల్స్ చేసే అబ్బాయికి మూడు నెలలు ఉచితం అని మాట కూడా ఇచ్చేశాడు. మా చెల్లి రాసిచ్చిన క్యాప్షన్లు నవ్వొచ్చేలానే ఉన్నాయి కానీ అన్నీ పొట్టల మీద, లావు మీద. నేను రాస్తే ఆఫీసు నోటీసులా ఉంటోంది. కింద 30 హ్యాష్‌ట్యాగ్‌లు పెట్టాలా వద్దా అన్నది ఇంకో తగువు. మావారు ఎటూ చెప్పలేక మౌనంగా ఉంటున్నారు. మరిదితో మాట పట్టింపు రాకుండా, నా పేరు చెడకుండా ఏం రాయాలి?

— పేరు వద్దన్న పాఠకురాలు, కాకినాడ

ముందు మీ మరిది చెప్పిన అంకెను కాగితం మీద పెట్టి చూద్దాం. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూసే లెక్క ఇది, వాదన కాదు. ఒంట్లో ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కిలోక్యాలరీల లోటు కావాలని మీ రంగంలో అందరూ వాడే ఉజ్జాయింపు. పది కిలోలకు 77,000. ముప్పై రోజులకు పంచితే రోజుకు 2,560 పైచిలుకు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన అంచనాల ప్రకారం, కూర్చుని పనిచేసే స్త్రీకి రోజంతటికీ కావలసిన శక్తే 1,660 కిలోక్యాలరీలు, పురుషుడికి 2,110. అంటే మీ స్టూడియోకి వచ్చే సగటు గృహిణి నెల్లాళ్లు పూర్తిగా పస్తులున్నా ఆ లోటు రాదు. వ్యాయామంతో కొంత కలిసినా అంత తేడా పూడదు. బరువు బాగా ఎక్కువున్నవాళ్లకు మొదటి వారంలో ముల్లు గబగబా దిగుతుంది, నిజమే. కానీ అందులో చాలా భాగం నీరు. వారానికి అరకిలో నుంచి కిలో దాకా తగ్గడమే నిలబడే తగ్గుదల అని మీకు తెలుసు. మీ మరిదికి తెలియకపోవచ్చు. ఆయన అబద్ధం చెబుదామని ఆ అంకె రాయమంటున్నాడని నేననుకోను. పక్క బోర్డుల మీద అదే కనిపిస్తోంది, పెట్టిన డబ్బు తిరిగి రావాలన్న బెంగ ఉంది.

ఆ పోస్టు పెడితే ఏమవుతుందో కూడా చూడండి. ఫోన్లు వస్తాయి, అందులో సందేహం లేదు. అయితే ఆ అంకె చూసి చేరినవాళ్లు ముప్పై ఒకటో రోజున తూకం మెషిన్ మీద నిలబడి మిమ్మల్నే చూస్తారు. మూడు కిలోలు తగ్గినవాళ్లు మామూలుగా అయితే సంతోషించాలి. మీ పోస్టు వల్ల వాళ్లు మోసపోయామనుకుంటారు. క్యాప్షన్ స్క్రీన్‌షాట్ వాళ్ల ఫోన్‌లో ఉంటుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అది తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికి వస్తుంది. అలాంటి ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. చిన్న స్టూడియో దాకా వాళ్లు రారులే అని ఆయన అనవచ్చు. కానీ 36 సీట్ల వ్యాపారానికి అసలు దెబ్బ జరిమానా కాదు. ఒకే వీధిలో ఉండే ముగ్గురు ‘అక్కడ చెప్పిందొకటి, జరిగిందొకటి’ అనుకుంటే ఆ వీధి నుంచి ఇంకెవరూ రారు.

పాత ఫొటోల సంగతీ ఇదే దారి. తగ్గినవాళ్లు మీ శిక్షణలోనే తగ్గి ఉండవచ్చు, కానీ ఈ స్టూడియోలో కాదు. ఇంకా తెరవని చోట వచ్చిన ఫలితంగా వాటిని చూపిస్తే మొదటి పోస్టుతోనే తప్పు మొదలవుతుంది. పైగా ఆ ఫొటోల్లో ఉన్నది వాళ్ల ఒళ్లు. రాతపూర్వకంగా అనుమతి ఇచ్చినవాళ్లుంటే, ‘ఇది నేను పాత చోట ట్రైనర్‌గా ఉన్నప్పటిది, పట్టిన కాలం ఇంత, ఆహారం కూడా మార్చుకున్నారు’ అని క్యాప్షన్‌లోనే రాసి, రెండో నెలలో ఎప్పుడైనా పెట్టుకోండి. మొదటి వారంలో వద్దు. ఆ వారం మీ దగ్గర చెప్పుకోవడానికి వేరే సంగతులు బోలెడు జరుగుతాయి.

ఇక క్యాప్షన్లు. మీ చెల్లి రాసినవి కొంటె మాటలు, మీరు రాసినవి నమ్మకమైన మాటలు. ఈ రెంటినీ సగం సగం కలిపితే రుచీ పచీ ఉండదు. దేన్ని ఎక్కడ వాడాలో విడదీసుకోవాలి. నవ్వు ఎప్పుడూ అందరికీ జరిగే సందర్భం మీద ఉండాలి: అలారం, సాకులు, మెట్లు, ఆదివారం భోజనం. ఎవరి ఒంటి మీదా ఉండకూడదు. పొట్ట మీద జోకు చదివి నవ్వేది పొట్ట లేనివాళ్లు. ఉన్నవాళ్లు నవ్వినట్టు లైక్ కొట్టి, లోపలికి అడుగు పెట్టడానికి జంకుతారు. మీకు రావలసింది వాళ్లే కదా. నమ్మకం మాత్రం, చదివినవాళ్లు వచ్చి సరిచూసుకోగల సంగతి మీద నిలబడాలి: బ్యాచ్‌కి ఎంతమంది, ఎన్నింటికి, ఎంత రుసుము, ఎవరు నేర్పుతారు. ఒక్కో పోస్టుకు ఒక నవ్వు, ఒక నిజం చాలు.

గురువారం పోస్టును ఇలా ఊహించాను:

> కాకినాడలో ‘రేపటి నుంచి జిమ్‌కి వెళ్తా’ అనే మాటకి ఈరోజుతో గడువు అయిపోయింది.
>
> భానుగుడి జంక్షన్ దగ్గర తలుపులు తెరిచాం. బ్యాచ్‌కి 12 మందే, అందుకే మీ పేరు మాకు గుర్తుంటుంది. ఉదయం 6, 7. సాయంత్రం 6. మొదటి క్లాసుకి డబ్బు వద్దు. బూట్లు, మంచినీళ్ల సీసా తెచ్చుకోండి, మిగతాది మా పని.

మొదటి వాక్యం అంత పొట్టిగా ఎందుకంటే, ఫీడ్‌లో దాదాపు రెండు వరుసలే కనిపిస్తాయి. తర్వాతిది చదవాలంటే వేలితో నొక్కాలి. క్యాప్షన్‌లో 2,200 అక్షరాల దాకా పడతాయి గానీ ఆ రెండు వరుసలూ ‘ఆనందంగా తెలియజేయునది ఏమనగా’తో నిండిపోతే ఎవరూ నొక్కరు. మీవి నోటీసులా అనిపించడానికి కారణం భాష ఒక్కటే కాదు, వరుస కూడా. మీరు వివరాలతో మొదలుపెట్టి శుభాకాంక్షలతో ముగిస్తున్నారు. చదివేవాళ్ల జీవితంలోంచి ఒక ముక్కతో మొదలుపెట్టి, వివరాలతో ముగించండి. మొదటి క్లాసు ఉచితం అన్నది నేను వేసుకున్న ఊహ. మీరు ఇవ్వదలచుకోకపోతే ఆ వాక్యం తీసేయండి.

శుక్రవారం మొదటి బ్యాచ్ అయ్యాక, అక్కడ నిజంగా జరిగినదాన్నే రాయండి. ‘6 గంటల బ్యాచ్‌కి 5:50కే వచ్చినవాళ్లు నలుగురు. అలారాన్ని మూడుసార్లు నోరు మూయించి వచ్చినవాళ్లు అయిదుగురు. స్క్వాట్లు మాత్రం అందరికీ సమానమే.’ ఆ అంకెలు మీ హాజరు పుస్తకంలో ఉన్నవే కావాలి. తొమ్మిది మందే వస్తే తొమ్మిది అనే రాయండి. పన్నెండు అని రాస్తే ఆ రోజు వచ్చిన తొమ్మిది మందికీ మీ అంకెలెలాంటివో తెలిసిపోతుంది.

శనివారం పోస్టు గురించి కాస్త ఎక్కువ చెబుతాను. మొదటి వారంలో అన్నిటికన్నా పనికొచ్చేది ఇదేనని నా నమ్మకం. శుక్రవారం కొత్తగా స్క్వాట్లు చేసినవాళ్లకు శని, ఆదివారాల్లో తొడలు పట్టేస్తాయి. అలవాటు లేని వ్యాయామం తర్వాత ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఆ నొప్పి బాగా తెలుస్తుంది. చాలామంది సరిగ్గా అప్పుడే భయపడో విసుగెత్తో మానేస్తారు. మీరు ముందే ఆ సంగతి ఎత్తితే వాళ్లు నవ్వుతారు, మీకు పని తెలుసనీ గ్రహిస్తారు.

> నిన్న క్లాసుకి వచ్చినవాళ్లకి మనవి: ఈరోజు ఇంట్లో ఏదైనా కింద పడితే, అది అక్కడే ఉండనివ్వండి. 😄
>
> కొత్తగా మొదలుపెట్టినప్పుడు రెండు మూడు రోజులు కండరాలు పట్టేసినట్టుండటం మామూలే. నొప్పి ఎక్కువుంటే బాగా చేసినట్టూ కాదు, లేకపోతే చేయనట్టూ కాదు. కాసేపు నడవండి, నీళ్లు తాగండి. కీలు దగ్గర పొడిచినట్టున్నా, వాపు వచ్చినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వ్యాయామం ఆపి డాక్టరుకి చూపించండి. మాకూ ఒక మాట చెప్పండి.

చివరి భాగం నవ్వు పుట్టించదు. పుట్టించనక్కర్లేదు కూడా. పోటీ బోర్డుల మీద ‘నొప్పి లేనిదే ఫలితం లేదు’ అని రాసి ఉన్నచోట, ఏ నొప్పికి ఆగాలో చెప్పే స్టూడియో వేరుగా కనిపిస్తుంది. కూతురినో తల్లినో పంపాలనుకునేవాళ్లు ఇలాంటి పోస్టే ఇంట్లో చూపిస్తారు. మూత్రం సంగతి ఇన్‌స్టాగ్రామ్‌లో ఎందుకని మీవాళ్లు అనవచ్చు. మితిమీరిన వ్యాయామంతో కండరం దెబ్బతిని ఆ ప్రభావం కిడ్నీల మీద పడటం అరుదే అయినా, అది ఎక్కువగా కనిపించేది ఒక్కసారిగా శక్తికి మించి చేసిన కొత్తవాళ్లలోనే. నేనైతే ఆ వాక్యం తీయను.

ఆదివారం తిండి జోకు వేయాలనిపిస్తుంది. వేయండి, కానీ ‘తిన్న బిర్యానీ కరిగించాలి, రండి’ అన్న ధోరణి వద్దు. తిండిని తప్పుగా, వ్యాయామాన్ని దానికి శిక్షగా చూపిస్తే నాలుగు రోజులు వస్తారు, అయిదో రోజు శిక్ష తప్పించుకుంటారు. ‘ఆదివారం బిర్యానీ తిన్నారా, కాజా తిన్నారా అని మేం అడగం. సోమవారం 6కి వస్తున్నారా అని మాత్రం అడుగుతాం’ అంటే సరిపోతుంది. ఆ ఊళ్లో ఉంటూ కాజా మానేయమని రాస్తే ఎలాగూ ఎవరూ నమ్మరు!

సోమవారం మీ గురించి రాసుకోండి. ‘ఈ స్టూడియోలో ఎక్కువసార్లు వినిపించే మాట: మోకాళ్లు లోపలికి పోనివ్వకండి. అనేది నేనే.’ కింద మీ అనుభవం ఆరేళ్లు అనీ, మీ సర్టిఫికెట్ పేరు దాని మీద ఎలా ఉందో అలాగే రాయండి. డైటీషియన్ చదువు చదవకపోతే ‘న్యూట్రిషన్ నిపుణురాలు’ వంటి మాట చేర్చవద్దు. మంగళవారం పోస్టుకి, అనుమతి ఇచ్చిన ఒక సభ్యురాలు ఆ వారం మొదటిసారి చేసిన పని చాలు. చేయి ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవడం అయిదు రోజుల్లో చూపించగలిగే నిజం. కిలోలు కాదు.

బుధవారం పోస్టు మీ మరిదిది. వ్యాపారం అడిగే ‘తొందరపడండి’ అన్న మాట ఆయనకు కావాలి, మీ దగ్గర అది నిజంగానే ఉంది. మూడు బ్యాచ్‌లు, పన్నెండేసి మంది, మొత్తం 36 సీట్లు. ప్రారంభ రుసుము ఒకటి పెట్టి, దానికి గడువు పెట్టండి.

> ప్రారంభ రుసుము ఈ రాత్రి 9 గంటలకి ముగుస్తుంది. నిజంగానే ముగుస్తుంది. లెక్కలు చూసేది మా మరిది, 9:01కి ఫోన్ చేసినా ఆయన వినరు.
>
> 36 సీట్లలో మిగిలినవి ఇన్ని. సాయంత్రం బ్యాచ్ నిండింది, ఉదయం రెండు బ్యాచ్‌లలో చోటుంది.

‘ఇన్ని’ అన్నచోట ఆ సాయంత్రానికి ఉన్న అసలు అంకె, నిండిన బ్యాచ్ ఏదైతే దాని పేరే రాయాలి. 9 దాటాక అదే రుసుముకు ఎవరినీ చేర్చుకోకూడదు. లేని తొందర పుట్టించడాన్ని 2023లో కేంద్రం తెచ్చిన మార్గదర్శకాలు కూడా తప్పుపడుతున్నాయి. ఆ పోస్టులో తన ప్రస్తావన ఉండటం ఆయనకు ఇష్టమో కాదో ముందే అడగండి. ఇష్టమైతే వీధిలో అందరూ ఆయన్ని దాని గురించే పలకరిస్తారు, గ్యారంటీ పోస్టు వద్దన్న చిన్నబుచ్చుకోవడం కూడా కొంత తగ్గుతుంది.

హ్యాష్‌ట్యాగ్‌ల తగువులో మీ ఇద్దరిలో ఎవరు ఎటున్నారో రాయలేదు గానీ, 30 పెట్టే కాలం పోయింది. మూడు నుంచి అయిదు చాలని ఇన్‌స్టాగ్రామే కొన్నేళ్లుగా చెబుతోంది. 2024 చివర్లో హ్యాష్‌ట్యాగ్‌ను ఫాలో అయ్యే సదుపాయాన్నీ తీసేసింది. ఇప్పుడవి పోస్టు దేని గురించో, ఎక్కడిదో చెప్పే గుర్తులు మాత్రమే. #weightloss అని పెడితే మీ పోస్టు ప్రపంచమంతా పెట్టే కుప్పలో పడుతుంది. దాన్ని ఎక్కడో బ్రెజిల్‌లో ఎవరైనా చూసినా ఉదయం 6కి భానుగుడికి రాలేరు. ఊరికి ఒకటి, పనికి ఒకటి, మీ స్టూడియో పేరుకు ఒకటి, ఈ వారపు సరదాకు ఒకటి:

> #kakinada #kakinadafitness #మీస్టూడియోపేరు #రేపటినుంచికాదు

చివరిదాన్ని ఏడు రోజులూ ఉంచండి. గురువారం జోకు దానివల్ల వారమంతా సాగుతుంది, సభ్యులు తమ స్టోరీల్లోనూ వాడుకుంటారు. వాడేముందు దాన్ని వెతికి చూడండి, వేరే దేనికైనా వాడుతున్నారేమో తెలుస్తుంది. తెలుగు లిపిలో రాసేటప్పుడు ఇంకో చిక్కుంది. ‘ఫిట్‌నెస్’ లాంటి మాటల్లో పొల్లు విడిగా కనిపించడానికి కీబోర్డు మధ్యలో కంటికి కనబడని గుర్తును చేరుస్తుంది. హ్యాష్‌ట్యాగ్ అక్కడ తెగిపోవచ్చు. పోస్టు చేశాక ట్యాగ్ చివరి అక్షరం దాకా లింకు రంగులోకి వచ్చిందో లేదో చూసి, రాకపోతే క్యాప్షన్ సవరించండి. ట్యాగ్‌ల కన్నా ముఖ్యం, కాకినాడ, భానుగుడి, మహిళల బ్యాచ్ ఉంటే ఆ మాట, ఇవన్నీ వాక్యాల్లో మామూలు మాటలుగా ఉండటం. వెతికేవాళ్లకు ఆ మాటల వల్ల కూడా మీరు దొరుకుతారు. లొకేషన్ పెట్టడం మరవవద్దు. క్యాప్షన్‌లో రాసిన లింకు నొక్కితే తెరుచుకోదు కాబట్టి మ్యాప్, వాట్సాప్ నంబరు ప్రొఫైల్‌లో ఉంచండి.

రీల్స్ అబ్బాయికి ఇచ్చిన మాట వెనక్కి తీసుకోనక్కర్లేదు. మూడు నెలల ఉచిత సభ్యత్వం కూడా ప్రతిఫలమే కాబట్టి, అతను పెట్టే పోస్టులో అది ప్రకటన అని స్పష్టంగా, పైనే కనిపించేలా ఉండాలి. భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021 నుంచి అడుగుతున్నది ఇదే. అతను చెప్పేదీ క్లాసుల గురించే ఉండాలి. మీరు వద్దన్న కిలోల గ్యారంటీని అతని నోట చెప్పిస్తే ఫలితం ఒకటే.

ఇంత చెప్పినా మీ మరిది ఒప్పుకోకపోతే మీ ముందు మూడు దారులున్నాయి. ఆయన గ్యారంటీ పోస్టు పెట్టనివ్వడం ఒకటి. ఇంట్లో ప్రశాంతంగా ఉంటుంది, కానీ నెల తర్వాత జవాబు చెప్పుకోవలసింది రోజూ వాళ్ల ఎదురుగా నిలబడే మీరు. రెండోది, ‘గ్యారంటీ అని రాస్తే, తగ్గకపోతే డబ్బు వాపసు అని కూడా అక్కడే రాయాలి’ అనడం. డబ్బు లెక్క తెలిసిన మనిషి కాబట్టి అక్కడే ఆగిపోవచ్చు. అయితే ‘సరే, రాసేద్దాం’ అంటే మీరు ఇరుక్కుంటారు, అందుకే దీన్ని బెదిరింపుగా వాడకండి. మూడోది, పోస్టు పడేముందు ఇద్దరూ చూడాలనే నియమం. ఒంటి గురించీ, ఆరోగ్యం గురించీ ఉన్న మాటల్లో చివరి మాట మీది. రుసుము, సీట్లు, గడువుల్లో చివరి మాట ఆయనది. పోస్టులు కాస్త ఆలస్యమవుతాయి, ఒకటి రెండు జోకులు పోతాయి. నేను మొగ్గేది దీనివైపే. ఈ సంభాషణకు మీవారిని తీర్పరిగా కూర్చోబెట్టకండి. భార్యకూ తమ్ముడికీ మధ్య ఆయన ఎటు చెప్పినా ఒకరికి నొప్పే. అంకెల కాగితంతో మీరే నేరుగా మాట్లాడండి.

ఒకటి మాత్రం ఖాయంగా వస్తుంది. ఏ పోస్టు కిందైనా ఎవరో ఒకరు ‘నెలకి ఎన్ని కిలోలు తగ్గుతాం?’ అని అడుగుతారు. జవాబు ఇప్పుడే రాసి ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి, ఎవరు ముందు చూసినా ఒకే మాట వెళ్లేలా: ‘అది మీ ఆహారం, నిద్ర, ఆరోగ్యాన్ని బట్టి ఉంటుందండీ, అంకె ముందే చెప్పలేం. మొదటి రోజు మీ బలం, నడుము కొలత రాసుకుంటాం, నాలుగు వారాలకి మళ్లీ చూస్తాం. బీపీ, షుగర్, మోకాళ్ల నొప్పి ఏమైనా ఉంటే వచ్చేముందు ఒక మెసేజ్ పెట్టండి.’